పాడి పశువు జబ్బులను పసిగట్టడం – 4వ పాఠం: కాఫీ రంగు మూత్రం

కిందటి పాఠంలో థర్మామీటర్‌తో జ్వరం చూడటం, కింది కనురెప్ప తిప్పి లోపలి పొర రంగు చూడటం నేర్చుకున్నాం. ఆ రెండూ ఈ పాఠంలో పనికొస్తాయి. కొత్తగా ఒక గాజు సీసా దగ్గర పెట్టుకోండి. మందు సీసా అయినా సరే, లోపల శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉండాలి.

ముందు ఒక కొట్టంలో జరిగింది చెబుతాను. ఒక రైతు దగ్గర నాలుగు నాటు ఆవులు ఉండేవి. జులైలో ఆయన ఒక జెర్సీ సంకరజాతి ఆవును కొన్నాడు. రెండో ఈత, పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది. అది పెరిగింది సిమెంటు గచ్చున్న షెడ్డులో, పిడుదు అంటే ఏమిటో తెలియకుండా. వచ్చిన పదిహేడో రోజు ఉదయం పాలు మూడు లీటర్లకు పడిపోయాయి. మేత ముట్టింది కానీ నెమరు వేయలేదు. కొత్త చోటు, కొత్త మేత, అలవాటు పడలేదేమో అనుకున్నాడు రైతు. సాయంత్రం జ్వరం సూది వేయించాడు. మర్నాడు పొద్దున మూత్రం డికాక్షన్ రంగులో, నురగతో పడింది.

నేను వెళ్లేసరికి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పాత ఆవుల ఒంటినిండా పిడుదులున్నాయి, వాటికేం కాలేదు. ఒళ్లు శుభ్రంగా ఉన్న దీనికెందుకొచ్చింది సార్?"

మంచి ప్రశ్న. సరిగ్గా ఇదే ప్రశ్న అమెరికాలో కొన్ని దశాబ్దాల పాటు జనాన్ని తికమక పెట్టింది. టెక్సాస్ నుంచి ఉత్తరాదికి మందలను తోలుకుపోయేవారు. ఆ మందలు నిక్షేపంగా ఉండేవి. అవి నడిచి వెళ్లిన దారిలో మేసిన ఉత్తరాది పశువులు మాత్రం నెలకో నెలన్నరకో ఎర్రగా మూత్రం పోసి చచ్చిపోయేవి. దానికి టెక్సాస్ జ్వరం అని పేరు పెట్టారు. పిడుదుల వల్లేనని కొందరు పశువుల కాపరులు అంటే చదువుకున్నవాళ్లు నవ్వారు. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు దాన్ని పరీక్షించి చూశారు. దక్షిణాది ఆవుల పిడుదులన్నీ ఏరేసి ఉత్తరాది ఆవులతో కలిపి కట్టేస్తే జబ్బు రాలేదు. ఆవులు లేకుండా పిడుదులను మాత్రమే పొలంలో చల్లితే వచ్చింది. 1893లో వాళ్లు దీన్ని ప్రకటించారు. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897లో. అంటే ఒక పురుగు కుట్టి ఇంకో ప్రాణికి జబ్బు అంటిస్తుందన్న సంగతి పశువుల దగ్గరే మొదట బయటపడింది.

ఆ టెక్సాస్ జ్వరం తెచ్చే క్రిమి పేరు బెబీసియా. 1888లో రుమేనియాలో ఆవుల ఎర్ర రక్త కణాల్లో దాన్ని చూసిన విక్టర్ బాబెష్ పేరు మీద ఆ పేరు వచ్చింది. మన పశువుల్లో ఎక్కువగా కనిపించేది బెబీసియా బైజెమినా అనే రకం. దాన్ని మోసేది మన కొట్టాల్లో రోజూ చూసే పిడుదే. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు బూడిద నీలం రంగులో, ఆముదం గింజలా ఉంటుంది.

ఈ పిడుదు జీవితం తెలిస్తే జబ్బు లెక్క సగం తెలిసినట్టే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఆవు మీదికి ఎక్కుతుంది. దానికి ఆరు కాళ్లే ఉంటాయి, నువ్వు గింజ కంటే చిన్నది. ఒకసారి ఎక్కిందా, పెద్దదయ్యేదాకా దిగదు. పొర విడిచి ఎనిమిది కాళ్లది అవుతుంది, మళ్లీ పొర విడిచి పెద్దది అవుతుంది. అంతా ఒకే ఆవు మీద, దాదాపు మూడు వారాల్లో. తర్వాత ఆడది రాలిపడి గోడ సందుల్లో, పేడ కింద, గడ్డి మొదళ్లలో రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక్క ఆవు మీదే బతికే పిడుదు రెండో ఆవుకు జబ్బు ఎలా అంటిస్తుంది? తల్లి తాగిన రక్తంలోని క్రిమి దాని గుడ్లలోకి చేరుతుంది. పిల్లలు పుట్టుకతోనే క్రిమిని మోసుకొస్తాయి. అయితే బైజెమినా రకం, పిల్ల ఎక్కీ ఎక్కగానే ఆవులోకి దిగదు. మొదటి పొర విడిచాక, అంటే దాదాపు ఎనిమిదో రోజు తర్వాతే దిగుతుంది. ఆ తర్వాత రక్తంలో పెరిగి జ్వరం రావడానికి ఇంకో వారం పైచిలుకు. మన జెర్సీ ఆవుకు పదిహేడో రోజు జ్వరం ఎందుకొచ్చిందో ఇప్పుడు లెక్క వేసుకోండి. కొత్త పశువు వచ్చిన రెండో వారం చివరి నుంచి నాలుగో వారం దాకా రోజూ ఉదయం థర్మామీటర్ పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

మరి పాత ఆవుల సంగతి? అవి దూడలుగా ఉన్నప్పుడే ఈ పిడుదులు కుట్టాయి, క్రిమి ఒంట్లో చేరింది. తొమ్మిది నెలల లోపు దూడలకు దీన్ని తట్టుకునే గుణం సహజంగా ఉంటుంది, జబ్బు పైకి తెలియకుండానే పోతుంది. ఆ తర్వాత క్రిమి కొద్దిగా ఒంట్లో ఉండిపోయి, మళ్లీ కుట్టినా జబ్బు పడకుండా కాపలా కాస్తుంది. ఆ పాత ఆవులే టెక్సాస్ మంద. కొత్తది ఉత్తరాది ఆవు. పాపం, ఏ పిడుదూ కుట్టకుండా శుభ్రంగా పెరగడమే దానికి చేటైంది.

ఇప్పుడు రక్తంలో ఏం జరుగుతుందో చూద్దాం. క్రిమి ఎర్ర కణంలో దూరి రెండుగా చీలుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు జామకాయలను తొడిమల దగ్గర కలిపి పెట్టినట్టు కనిపిస్తాయి. అవి కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి, తలా ఒక కొత్త కణంలో దూరతాయి. పగిలిన కణంలోని ఎర్ర రంగు పదార్థం హిమోగ్లోబిన్ రక్తపు నీటిలో కలుస్తుంది. కొంతవరకు శరీరం దాన్ని పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచలేనంత అయ్యాక మూత్రపిండాల గుండా మూత్రంలోకి దిగిపోతుంది.

కాబట్టి లక్షణాలకు ఒక వరుస ఉంది. మొదట జ్వరం, 104 నుంచి 107 డిగ్రీల దాకా. దాంతోపాటు పాలు తగ్గడం, నెమరు ఆగడం. ఆ రోజు మూత్రం మామూలుగానే ఉండవచ్చు. తర్వాత ఒకటి రెండు రోజుల్లో రంగు మారుతుంది. కనురెప్ప లోపలి పొర గులాబీ రంగు పోయి తెల్లబడుతుంది. ఆక్సిజన్ మోసే కణాలు తగ్గాయి కనుక ఊపిరి, గుండె వేగం పెరుగుతాయి. పచ్చదనం చివర్లో వస్తుంది, ఎందుకంటే పగిలిన హిమోగ్లోబిన్‌ను శరీరం పసుపు పచ్చ రంగు పదార్థంగా మార్చడానికి కొంత సమయం పడుతుంది. పొర తెల్లగా ఉండగా కనిపెట్టామా, పచ్చబడ్డాక కనిపెట్టామా అన్నదాన్ని బట్టి ఎంత ఆలస్యమైందో చెప్పొచ్చు. చూడి ఆవైతే ఈ జ్వరంలో ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక సీసా పని. యోని కింది చర్మాన్ని వేళ్లతో మెల్లగా పైకీ కిందికీ రాస్తే చాలా ఆవులు మూత్రం పోస్తాయి. మొదటి చుక్కలు వదిలేసి సీసాలో పట్టండి. కదపకుండా రెండు గంటలు పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. ఎరుపు అడుగుకు దిగి పైన తేరుకుంటే అది రక్తమే, మూత్రాశయంలోనో మూత్రపిండంలోనో దెబ్బ ఉంది. అడుగు నుంచి పైదాకా ఒకే రంగు ఉంటే కణాలు ఒంట్లోనే పగిలాయని అర్థం.

అయినా సీసా ఒక్కటే బెబీసియా అని చెప్పదు. ఈనిన రెండు నుంచి నాలుగు వారాల్లో, ముఖ్యంగా బాగా పాలిచ్చే బర్రెల్లో, భాస్వరం తగ్గినా కణాలు పగిలి ఇదే రంగు వస్తుంది. అందులో జ్వరం ఉండదు. ఇక్కడ థర్మామీటరే తీర్పు చెబుతుంది. పిడుదుల వల్లే వచ్చే ఇంకో జబ్బు థైలేరియాలో జ్వరం ఉంటుంది కానీ భుజం ముందరి గ్రంథి నిమ్మకాయలా వాస్తుంది, మూత్రం సాధారణంగా ఎర్రబడదు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరాలో జ్వరం, ఎర్ర మూత్రం రెండూ ఉండొచ్చు. అందుకే చివరి మాట రక్తపు పూతదే. చెవి చివర సూదితో గుచ్చి వచ్చిన చుక్కను గాజు పలక మీద పల్చగా పరిచి, రంగు వేసి చూస్తారు. మందు వేయకముందే ఈ పూత తీయించాలి, వేశాక క్రిమి దొరకడం కష్టం.

పిడుదులు కనిపించలేదు కదా అని బెబీసియా కాదనుకోకండి. జబ్బు బయటపడే సమయానికి అవి కడుపు నింపుకుని రాలిపోయి ఉండొచ్చు. చెవి లోపల, గంగడోలు, తొడల మధ్య, పొదుగు, తోక కింద చేత్తో తడిమి చూడాలి. కంటికి ఆనని పిల్లలు చేతికి ఇసుక రేణువుల్లా తగులుతాయి.

డాక్టరు వచ్చేలోపు మనం చేయవలసింది తక్కువే. ఆవును నడిపించకూడదు. సగం ఎర్ర కణాలు పోయిన పశువును ఆసుపత్రికి తోలుకెళితే దారిలోనే కూలిపోవచ్చు. నీడలో కట్టి, నీళ్లు పెట్టి, 1962కు ఫోన్ చేయండి. వాడే మందులు ముఖ్యంగా రెండు. డిమినాజీన్‌ను కిలో బరువుకు 3.5 మిల్లీగ్రాముల చొప్పున కండలో ఇస్తారు, 350 కిలోల ఆవుకు దాదాపు 1.2 గ్రాములు. ఇమిడోకార్బ్‌ను కిలోకు 1.2 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద ఇస్తారు. బరువు తక్కువగా అంచనా వేస్తే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువ పడితే మందే హాని చేస్తుంది. ఈ సూదులు మనం వేసేవి కావు. పాలు ఎన్నాళ్లు వాడకూడదో మాత్రం డాక్టరును తప్పక అడగండి.

మన జెర్సీ ఆవుకు ఆ ఉదయం జ్వరం 105.4 ఉంది. ముందురోజు వేసిన జ్వరం సూది రాత్రంతా అసలు సంగతిని కప్పిపెట్టింది. సీసాలో మూత్రం రెండు గంటలైనా తేరుకోలేదు. పూతలో జంట జామకాయలు కనిపించాయి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 5.2 గ్రాములు, మామూలుగా 8కి తగ్గకూడదు. డిమినాజీన్ వేశాక మర్నాటికి జ్వరం దిగింది, రెండో రోజు సాయంత్రానికి మూత్రం తేటపడింది. రెండు రోజులు దాటినా రంగు తగ్గకపోయి ఉంటే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చేది. కనురెప్ప గులాబీ రంగుకు తిరిగి రావడానికి మాత్రం నెల పైనే పట్టింది, పాలు నాలుగు లీటర్ల దగ్గరే ఆగిపోయాయి.

ఈ వారం అభ్యాసం: మీ కొట్టంలో ఒక ఆరోగ్యమైన ఆవు మూత్రం సీసాలో పట్టి, రెండు గంటల తర్వాత రంగు రాసుకోండి. ఒంటి మీద ఎడమ పక్క మాత్రమే తడిమి, ఆముదం గింజంత పిడుదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అదే ఆవుకు మందు కొట్టకుండా ఏడో రోజున మళ్లీ లెక్కపెట్టండి. వచ్చే పాఠంలో పిడుదుల మందు పిచికారీ ఎప్పుడు చేయాలో, మూడు వారాల లెక్క ఎందుకు ముఖ్యమో ఆ రెండు అంకెలతోనే మొదలుపెడదాం.