పిల్లల ఫొటో ఏఐకి ఇచ్చే ముందు: ఒక స్క్రీన్‌షాట్, ఒక స్విచ్

బతుకమ్మ ఫొటోను బొమ్మలా మార్చుకోవాలని పిల్లలు చాట్‌జీపీటీలో ఒరిజినల్ ఫొటోనే ఎక్కిస్తున్నరు. కెమెరాలో లొకేషన్ ఆన్‌ల ఉంటే, ఆ ఫైల్‌తోపాటు ఇల్లు ఎక్కడుందో కూడా అటు చేరొచ్చు.

ముందు వయసు చూడండి. చాట్‌జీపీటీకి 13 నిండాలె, 18 లోపైతే అమ్మానాన్నల అనుమతి ఉండాలె. క్లాడ్ అనే ఇంకో ఏఐ అయితే 18 నిండినోళ్లకే. పుట్టిన సంవత్సరం అసలుదే పెట్టించండి. పెద్దోళ్ల వయసు పెడితే పిల్లల కోసం పెట్టిన రక్షణలు ఆ అకౌంట్‌కు వర్తించకపోవచ్చు.

ఇగ ఫొటో సంగతి. గ్యాలరీల దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి, మామూలుగా అందులో లొకేషన్ ఉండదు. తర్వాత క్రాప్ చేయండి. హన్మకొండల పదో తరగతి పిల్ల యూనిఫాంల దిగిన ఫొటో అనుకోండి: మెడల ఐడీ కార్డు, జేబు మీద స్కూల్ బ్యాడ్జి, వెనక బండి నంబర్ ప్లేట్ ఉంటయి. భుజాల పైవరకే ఉంచితే ఈ మూడూ పోతయి. పక్కన దోస్తు ఉంటే ఆమెను కూడా తీసేయాలె, ఆమె ఇంట్లోళ్లను ఎవరూ అడగలేదు కదా.

ఎక్కించే ముందే చాట్‌జీపీటీల Settings → Data controls లో `Improve the model for everyone` ఆఫ్ చేయండి, అప్పుడు ఆ చాట్‌లను ఏఐకి నేర్పించడానికి వాడరు.

ఒక్క జాగ్రత్త: స్క్రీన్‌షాట్ తీసినా ముఖం ముఖమే, దాన్ని ఏదీ దాచదు. చాట్ డిలీట్ చేసినా సర్వర్‌ల నుంచి అప్పుడే పోదు, 30 రోజుల దాకా ఉండొచ్చు. స్నానం, ఈత బట్టల ఫొటోలకు ఈ చిట్కా పనికిరాదు, అవి అసలే ఎక్కించొద్దు.