4-4-2 నుంచి 4-3-3కి మారితే ఫుల్‌బ్యాక్ పక్కన పడే ఖాళీని ఎలా పూడ్చాలి?

ఆదివారం పొద్దున్నే పోగయ్యే ఫుట్‌బాల్ జట్టుకి 4-4-2 అలవాటైన చొక్కా లాంటిది. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. ఎవరికీ పెద్దగా వివరించక్కర్లేదు. కొన్నాళ్లకి టీవీలో చూసిన 4-3-3 ఆడదామని ఎవరో ఒకరు అంటారు. మొదటి మ్యాచ్‌లో రెండు మూడు గోల్స్ పడతాయి, చూస్తే అన్నీ ఒకే చోటు నుంచి వచ్చిన క్రాస్‌లవి. తిట్లు మాత్రం ఫుల్‌బ్యాక్‌లకి, అంటే వెనక నలుగురిలో అంచుల్లో ఆడే లెఫ్ట్ బ్యాక్‌కో రైట్ బ్యాక్‌కో పడతాయి. తప్పు చాలాసార్లు వాళ్లది కాదు. వాళ్ల ముందు ఉండాల్సిన మనిషి ఇప్పుడు అక్కడ లేడు, ఆ పని ఎవరికి అప్పగించారో ఎవరికీ తెలియదు.

ముందు గ్రౌండ్ కొలవండి

టచ్‌లైన్ నుంచి టచ్‌లైన్ దాకా అడుగులేసి వెడల్పు చూసుకోండి. పెద్ద అంగ వేస్తే సుమారు ఒక మీటరు. ఆట నియమాలు 45 నుంచి 90 మీటర్ల దాకా ఒప్పుకుంటాయి కాబట్టి ఊళ్లో ఏ రెండు గ్రౌండ్లూ ఒకేలా ఉండవు. ఇక్కడ లెక్క కోసం 64 మీటర్లు అనుకుందాం.

మధ్యలో నలుగురు నిలబడితే ఒక్కొక్కరికి 16 మీటర్లు. అదే ముగ్గురైతే 21 మీటర్లు దాటుతుంది. కష్టమంతా ఈ తేడాలోనే ఉంది. ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు వెడల్పంతా పంచుకుని నిలబడితే సందులు రోడ్లంత వస్తాయి. అందుకే వాళ్లు పంచుకోకూడదు. ముగ్గురూ ఒకరికొకరు పది పన్నెండు మీటర్ల దూరంలోనే ఉండి, బంతి ఎటు పోతే అటు కలిసి జరగాలి. అవతలి టచ్‌లైన్ దగ్గర ఖాళీ ఉంటుంది, ఉండనివ్వండి. అక్కడికి 40 మీటర్ల పాస్ సరిగ్గా కొట్టగలిగేవాళ్లు ఈ స్థాయిలో అరుదు. కొట్టినా బంతి రెండు మూడు సెకన్లు గాల్లో ఉంటుంది, ఆలోపు పది మీటర్లు జరగొచ్చు.

క్రికెట్ పిచ్ మధ్యలో ఉన్న గ్రౌండ్ అయితే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ గట్టి నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియక రెండు జట్లూ పక్కల నుంచే ఆడతాయి. ఫుల్‌బ్యాక్‌ల మీద బరువు ఇంకా పెరుగుతుంది.

ఎవరున్నారో చూసి ఫార్మేషన్ పెట్టండి

4-4-2లో పక్క మిడ్‌ఫీల్డర్ బంతి పోగానే తన ఫుల్‌బ్యాక్ ముందుకి వచ్చి నిలబడతాడు. పని స్పష్టం. 4-3-3లో ఆ మనిషి వింగర్ అవుతాడు, పది పదిహేను మీటర్లు ముందుంటాడు. కాబట్టి అడగాల్సింది ‘మన వింగర్లు ఎంత బాగా డ్రిబుల్ చేస్తారు’ అని కాదు, ‘బంతి పోయాక ఎంత దూరం వెనక్కి వస్తారు’ అని. ఇద్దరూ రానివాళ్లయితే 4-3-3 పేరుకే, నిజానికి ఏడుగురితో డిఫెన్స్ చేస్తున్నట్టు. అలాంటప్పుడు 4-4-2లోనే ఉండటం మంచిది.

మధ్య ముగ్గురిలో ఒకడు హోల్డింగ్. వెనక నలుగురిలో నడుమ ఆడే ఇద్దరు స్టాపర్ల ముందు ఉండి, వాళ్ల మధ్య సందుని కాపలా కాస్తాడు. దీనికి వేగం కంటే ఓపిక ముఖ్యం. బంతి వెనక పరుగెత్తే అలవాటున్న కుర్రాడిని అక్కడ పెడితే పదో నిమిషానికి అతను టచ్‌లైన్ దగ్గర కనిపిస్తాడు, స్టాపర్ల ముందు మైదానం ఖాళీగా ఉంటుంది. అతనికి ఎడమన, కుడిన ఆడే ఇద్దరికి మాత్రం జట్టులో అందరికంటే ఎక్కువ దమ్ము కావాలి.

ఒక్క సందర్భం నేర్చుకుంటే సగం పని అయినట్టే

ఎదుటి జట్టు 4-4-2, మీది 4-3-3. బంతి వాళ్ల రైట్ బ్యాక్ దగ్గర, సెంటర్ లైన్‌కి కాస్త అవతల ఉంది. వాళ్ల రైట్ మిడ్‌ఫీల్డర్ టచ్‌లైన్‌ని అంటిపెట్టుకుని మీ లెఫ్ట్ బ్యాక్ ముందున్నాడు.

మొదట మీ లెఫ్ట్ వింగర్ రైట్ బ్యాక్ మీదికి వెళ్లాలి, అదీ గ్రౌండ్ లోపలి వైపు నుంచి. అలా వెళ్తే మధ్యలోకి ఇచ్చే పాస్ మూసుకుపోతుంది, లైన్ వెంట ఇచ్చే పాస్ ఒక్కటే మిగులుతుంది. బయటి వైపు నుంచి వెళ్తే బంతి మధ్యలోకి వస్తుంది, అప్పుడు మీ ముగ్గురూ వెనక్కి పరుగెత్తాలి.

బంతి లైన్ వెంట వాళ్ల రైట్ మిడ్‌ఫీల్డర్‌కి చేరింది. పాస్ కాలి నుంచి బయల్దేరగానే మీ లెఫ్ట్ బ్యాక్ కదలాలి. బంతి చేరాక కదిలితే అవతలివాడు తిరిగి నిలబడి ఉంటాడు. దగ్గరికి వచ్చాక వేగం తగ్గించి, చేయి చాచి ఒక అడుగు వేస్తే తాకేంత దూరంలో, ఒంటిని పక్కకి తిప్పి నిలబడాలి. ఎదురుగా, రెండు పాదాలూ సమంగా పెట్టి నిలబడితే రెండు వైపులా దారి ఇచ్చినట్టే. కాలు చాచి బంతి లాక్కోవడం కాదు ఇక్కడ పని. అతన్ని లైన్ వైపే ఉంచి, ఆలస్యం చేయించాలి.

అదే క్షణంలో లెఫ్ట్ మిడ్‌ఫీల్డర్ లెఫ్ట్ బ్యాక్‌కి లోపలి వైపు, ఐదారు మీటర్లు వెనగ్గా చేరతాడు. లెఫ్ట్ బ్యాక్ దాటిపోతే పట్టుకునేది అతనే. అతను వదిలిన చోటుకి హోల్డింగ్ కొంత జరుగుతాడు, హోల్డింగ్ చోటుకి రైట్ మిడ్‌ఫీల్డర్ వస్తాడు. దగ్గరి స్టాపర్ బంతి వైపు నాలుగైదు మీటర్లు జరుగుతాడు కానీ టచ్‌లైన్ దాకా పోడు. అతను పోతే గోల్ ముందు ఒక్క స్టాపర్ మిగులుతాడు, వాళ్ల ఇద్దరు స్ట్రైకర్లకీ పండగే.

అవతలి కొసన రైట్ బ్యాక్ సంగతి ఎవరూ పట్టించుకోరు. అతను తన టచ్‌లైన్ వదిలి, బంతికి దూరంగా ఉన్న గోల్‌పోస్ట్‌కి సూటిగా వచ్చేదాకా లోపలికి రావాలి. రాకపోతే క్రాస్ స్టాపర్లని దాటి వెనక పోస్ట్ దగ్గర ఖాళీగా ఉన్నవాడి తల మీద పడుతుంది. అతను స్టాపర్ల కంటే రెండడుగులు వెనక నిలబడినా ప్రమాదమే. అతని వల్ల వాళ్ల స్ట్రైకర్లు ఆఫ్‌సైడ్ కాకుండా బతికిపోతారు. స్టాపర్లు చెయ్యెత్తి రెఫరీని అడుగుతూ నిలబడటం, అంతలో గోల్ పడటం తరచూ దీని ఫలితమే.

ఇక చిక్కుముడి. బంతి ఇచ్చిన వాళ్ల రైట్ బ్యాక్ ఆగకుండా పైకి పరుగెత్తాడు. లెఫ్ట్ బ్యాక్ మీద ఇప్పుడు ఇద్దరు. వింగర్ అతని వెంట రావాలని పుస్తకం చెబుతుంది. మన వింగర్ నాలుగోసారి రాడు. అందుకని ముందే ఒక గీత పెట్టుకోండి: సెంటర్ లైన్ నుంచి మన వైపు పది మీటర్ల దాకా వింగర్ బాధ్యత, ఆ తర్వాత లెఫ్ట్ మిడ్‌ఫీల్డర్ తీసుకుంటాడు. ఇది పక్కా పరిష్కారం కాదు. కానీ ఎవరి పని ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే ‘నువ్వు పోతావనుకున్నా’ అనే మాట తగ్గుతుంది.

ప్రాక్టీస్ ఇలా పెట్టండి

బంతి కోసం పోట్లాట లేకుండా మొదలుపెట్టాలి. వెనక నలుగురు, మధ్య ముగ్గురు, ఇద్దరు వింగర్లు తమ చోట్లలో నిలబడతారు. గ్రౌండ్ వెడల్పున ఐదు చోట్ల కోన్లు పెట్టండి, లేకపోతే నీళ్ల సీసాలు చాలు. ఒకరు నిలబడి ఏ సీసా దగ్గర బంతి ఉందో అరుస్తారు, తొమ్మిదిమందీ దాని ప్రకారం జరుగుతారు. జరిగాక విజిల్. ఉన్నచోటే ఆగి చుట్టూ చూసుకోవాలి: పక్కవాడికీ నాకూ మధ్య పది మీటర్లు ఉన్నాయా, అవతలి ఫుల్‌బ్యాక్ లోపలికి వచ్చాడా? పది నిమిషాలు ఇది చాలు, అంతకంటే సాగదీస్తే కుర్రాళ్లకి విసుగొస్తుంది.

తర్వాత నిజంగా ఆడించండి. ఆరుగురు దాడి చేస్తారు, వెనక నలుగురూ మధ్య ముగ్గురూ కలిసి ఆపుతారు. వింగర్లని కావాలనే తీసేయండి, మిడ్‌ఫీల్డర్లు ఎక్కడ ఆలస్యమవుతున్నారో అప్పుడే బయటపడుతుంది. ప్రతిసారీ బంతి దాడి చేసేవాళ్ల ఫుల్‌బ్యాక్ నుంచే మొదలవ్వాలి. పన్నెండు దాడులు చేయించి, క్రాస్ ఎన్నిసార్లు ఎవరూ అడ్డుపడకుండా పడిందో లెక్కపెట్టండి. మూడుకి మించితే మ్యాచ్‌కి ఇంకా సిద్ధంగా లేరన్నట్టే.

అరుపులు కూడా ముందే ఖాయం చేసుకోండి. లెఫ్ట్ బ్యాక్ బయటికి వెళ్తున్నప్పుడు వెనక నుంచి ‘వెళ్లరా, నేనున్నా’ అన్న మాట వినపడాలి. అది వినపడకపోతే అతను సగం దూరం వెళ్లి ఆగిపోతాడు. సగంలో ఆగినవాడు ఎవరినీ ఆపలేడు.

ఫుల్‌బ్యాక్ ఎప్పుడు పైకి వెళ్లాలి?

మన వింగర్ బంతితో లోపలికి తిరిగి, ముఖం గోల్ వైపు పెట్టినప్పుడు. అప్పుడు లైన్ ఖాళీ అవుతుంది, వెళ్లడానికి అర్థం ఉంటుంది. మన మిడ్‌ఫీల్డర్ గోల్‌కి వీపు పెట్టి, మీద ఒకడిని మోస్తూ బంతి కాపాడుకుంటున్నప్పుడు వెళ్లకూడదు. ఆ బంతి పోయే బంతే.

ఒకరు వెళ్తే రెండో ఫుల్‌బ్యాక్ ఆగి స్టాపర్లతో కలవాలి, హోల్డింగ్ వాళ్ల ముందే ఉండాలి. వాళ్ల ఇద్దరు స్ట్రైకర్లకి మన ముగ్గురు వెనక, ఒకడు ముందు: ఈ లెక్క తప్పకూడదు. 4-4-2లోనూ ఇంతే, కాకపోతే అక్కడ పక్క మిడ్‌ఫీల్డర్లు పోగా నడిమధ్య ఇద్దరే కాబట్టి ఒకడు పోతే ఇంకొకడు కచ్చితంగా ఉండాలి. ఇద్దరూ ఒకే గీత మీద నిలబడితే ఒక్క పాస్‌తో ఇద్దరూ పోతారు. ఒకడు ఎనిమిది మీటర్లు వెనగ్గా, ఏటవాలుగా ఉండాలి.

ముందూ వెనకల దూరం కూడా చూసుకోండి. 1980ల చివర్లో ఇటలీ క్లబ్ మిలాన్‌ని 4-4-2లో నడిపిన కోచ్ అరిగో సాకి డిఫెన్స్‌కీ ఫార్వర్డ్‌లకీ మధ్య 25 మీటర్లే ఉండాలనేవాడు. మన దమ్ముకి 35 మీటర్లు సాధిస్తే గొప్పే.

ఎండ తగిలాక

ఏప్రిల్‌లో విజయవాడలోనో గుంటూరులోనో నాలుగింటికి మ్యాచ్ మొదలుపెడితే ముందుగా పడిపోయేది స్ట్రైకర్ కాదు, హోల్డింగ్‌కి అటూ ఇటూ ఉన్న ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. గుర్తు తేలిక: క్రాస్ పడిపోయాక లెఫ్ట్ మిడ్‌ఫీల్డర్ అక్కడికి చేరుతుంటాడు, లేదా బంతి ఆగిన ప్రతిసారీ మోకాళ్ల మీద చేతులు పెడుతుంటాడు. అది రెండుసార్లు కనిపిస్తే గోల్ పడేదాకా చూడకండి, 4-4-2కి దిగిపోండి.

అందుకు మనుషుల్ని మార్చక్కర్లేదు. లెఫ్ట్ వింగర్ వెనక్కి దిగి లెఫ్ట్ మిడ్‌ఫీల్డర్ అవుతాడు. ఇప్పటిదాకా లెఫ్ట్ మిడ్‌గా ఆడినవాడు హోల్డింగ్ పక్కకి చేరతాడు. రైట్ మిడ్ తన టచ్‌లైన్ వైపు జరుగుతాడు. రైట్ వింగర్ లోపలికి వచ్చి స్ట్రైకర్‌కి జత అవుతాడు. ఇద్దరు వింగర్లలో వెనక్కి వచ్చే ఓపిక ఎవరికి ఎక్కువో వాళ్ల వైపు నుంచే ఈ మార్పు చేయండి. అలసిన రైట్ మిడ్‌కి టచ్‌లైన్ మొత్తం మోయడం కష్టమనిపిస్తే, బెంచ్ మీదున్న ఒక్క తాజా మనిషినీ అక్కడే దించండి.