రెజ్యూమె మీరే దిద్దుకోండి, 4వ పాఠం: పన్నెండు కోట్లలో మీ చేతి మీదుగా నడిచిందెంత?

పోయిన పాఠంలో ఉద్యోగ ప్రకటనను ముక్కలు చేసి, కంపెనీ తప్పనిసరి అంటున్నవేవో, ఉంటే మంచిదంటున్నవేవో విడదీసుకున్నాం. ఈసారి ఒక ప్రాజెక్ట్ మేనేజర్ రెజ్యూమెను అలాంటి ప్రకటన పక్కన పెట్టి, ఒక్కో మాటకీ రుజువుందో లేదో చూద్దాం. డెవలపర్ అయితే తను రాసిన కోడ్ చూపించగలడు. మేనేజర్ పని పదిమంది పనిలో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి స్కోప్, బడ్జెట్, డెలివరీ పద్ధతి, సర్టిఫికేషన్ అనే నాలుగు చోట్లా తన వంతు ఎంతో విడిగా తేల్చుకోవాలి. బడ్జెట్ దగ్గర మనం ఎక్కువసేపు ఆగుతాం. ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే.

ఇది పాఠం కోసం అల్లుకున్న కేసు. అభ్యర్థిది కాజీపేట. హైదరాబాద్‌లో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేస్తున్నాడు, సొంతూరి వైపు వచ్చేయాలని ఉంది. మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీ ప్రకటన కంటబడింది. అందులో మనకు కావలసిన మాటలు ఇవీ: మూడు నుంచి ఐదు కోట్ల బడ్జెట్ ఉన్న ప్రాజెక్టును రిక్వైర్‌మెంట్ల సేకరణ మొదలు గో-లైవ్ దాకా సొంతంగా నడిపిన అనుభవం, ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో మైల్‌స్టోన్ల ప్రకారం బిల్లింగ్, లోపల టీమ్‌లో రెండు వారాల స్ప్రింట్లు, ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండడం తప్పనిసరి.

రెజ్యూమెలో ఉన్నది ఇదీ: "12 కోట్ల హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టును ఎండ్ టు ఎండ్ నడిపాను. పూర్తి ఎజైల్ పద్ధతిలో డెలివరీ. పీఎంపీ, 2021."

చూడగానే అన్నీ సరిపోయినట్టే కనిపిస్తుంది. ఒక్కొక్కటిగా విప్పుదాం.

బడ్జెట్

పన్నెండు కోట్లు అనగానే మనం అడగాల్సింది, అది ఏ అంకె అని. క్లయింట్ సంతకం పెట్టిన కాంట్రాక్టు మొత్తం ఒకటి. అందులో కంపెనీ తన ఖర్చుకని పక్కన పెట్టుకున్నది ఇంకొకటి. ఆ ఖర్చులో ఈ మేనేజర్ లెక్క చూసుకుని, జవాబు చెప్పాల్సింది మూడోది. ప్రకటన అడిగే బడ్జెట్ దాదాపు ఎప్పుడూ ఆ మూడోదే.

దాన్ని బయటికి తీయడానికి ఒక చిన్న గుణకారం చాలు. రెజ్యూమెలోనే ఇంకోచోట టీమ్ పదిమంది అని, ప్రాజెక్టు 18 నెలలు నడిచిందని ఉంది. అంటే 180 మనిషి-నెలల పని. జీతం, ఆఫీసు ఖర్చులు అన్నీ కలిపి ఒక్కో మనిషికి నెలకు సగటున లక్షన్నర అనుకుందాం (మీ కంపెనీలో ఎంతుంటే అంత వేసుకోండి). 2 కోట్ల 70 లక్షలు తేలుతుంది. మరి మిగతా తొమ్మిది కోట్ల పైచిలుకు ఎక్కడికి పోయినట్టు? ఇంటర్వ్యూలో అవతల కూర్చున్నవాళ్లు ఈ లెక్క మనసులోనే వేసేస్తారు. జవాబు తడబడితే రెజ్యూమెలోని మిగతా అంకెలన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది.

మన అభ్యర్థిని కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి ఇలా వచ్చింది. కాంట్రాక్టు మొత్తం పన్నెండు కోట్లే. సర్వర్లు, లైసెన్సులు కొనుగోలు విభాగం చూసుకుంది. ల్యాబ్, రేడియాలజీ మాడ్యూళ్లు ఇంకో మేనేజర్ చేతిలో ఉన్నాయి. ఇతను చూసింది బిల్లింగ్, ఫార్మసీ మాడ్యూళ్లు. ఆ టీమ్ ఖర్చు 2.70 కోట్లు. దానికి తోడు ఫార్మసీ బార్‌కోడ్ పని చేసిపెట్టిన బయటి వెండర్‌కు 60 లక్షలు. ఆ వెండర్ బిల్లులు ఇతని సంతకంతోనే పాసయ్యాయి. మొత్తం 3 కోట్ల 30 లక్షలు.

ప్రకటన అడిగింది మూడు నుంచి ఐదు కోట్లు! ఉన్నదున్నట్టు రాస్తే అచ్చంగా అందులో కూర్చునే మనిషి, పెద్ద అంకె వేసి దానికి బయట నిలబడ్డాడు. ఇలాంటి చోట చాలామంది అడుగుతారు, "అన్నా, పన్నెండు కోట్లని రాస్తే తప్పేంది? ప్రాజెక్టు అంతదే గదా?" అని. ప్రాజెక్టు అంతదే, కాదనను. "12 కోట్ల ప్రాజెక్టులో 3.3 కోట్ల బిల్లింగ్, ఫార్మసీ భాగం బాధ్యత నాది" అని రాస్తే రెండూ నిజమే అవుతాయి, రెండూ కనిపిస్తాయి. కాంట్రాక్టు విలువ బయటపెట్టకూడదన్న ఒప్పందం ఉంటే మాత్రం ఆ పెద్ద అంకె తీసేయండి. మీ భాగాన్ని కూడా "మూడు నుంచి నాలుగు కోట్ల మధ్య" అని రాస్తే సరిపోతుంది.

బడ్జెట్ చేతిలో ఉందని రాయడం సగం పని. చివరికి ఖర్చు ఎంతకు తేలిందో చెప్పడం మిగతా సగం. ఇక్కడ అనుకున్నది 3.30 కోట్లు, అయింది 3.50 కోట్లు. ఇరవై లక్షలు ఎక్కువైందని అభ్యర్థి ఆ మాటే ఎత్తలేదు. విడదీసి చూస్తే అందులో 14 లక్షలు ఆరోగ్యశ్రీ క్లెయిముల స్క్రీన్లు కావాలని క్లయింట్ మధ్యలో అడిగిన మార్పుకి. దానికి వేరే ఛేంజ్ రిక్వెస్ట్ రాసి, ఆమోదం తీసుకుని, డబ్బు వసూలు చేశారు. కాబట్టి పోల్చాల్సింది 3.30తో కాదు, ఆమోదం తర్వాతి 3.44 కోట్లతో. అసలు మించింది ఆరు లక్షలే, రెండు శాతం కూడా కాదు. దాచిపెట్టిన చోటే మంచి రుజువు ఉంది: స్కోప్ పెరిగినప్పుడు ఊరికే చేసిపెట్టకుండా లెక్క కట్టి డబ్బు తెచ్చాడు. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులు నడిపే కంపెనీకి ఇంతకంటే కావలసిందేముంది?

స్కోప్

"ఎండ్ టు ఎండ్" అన్న మాట కనిపిస్తే రెండు కొసలూ పట్టుకుని చూడాలి. ఏ రోజున ప్రాజెక్టులోకి వచ్చాడు, ఏ రోజున వదిలాడు? మన అభ్యర్థి వచ్చేసరికే రిక్వైర్‌మెంట్ల పత్రం మీద క్లయింట్ సంతకం అయిపోయింది. డిజైన్ నుంచి హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం ఆస్పత్రుల్లో గో-లైవ్ అయ్యేదాకా ఉన్నాడు. రెండో కొస గట్టిగా ఉంది. మొదటి కొస తెగి ఉంది, ప్రకటనేమో రిక్వైర్‌మెంట్ల సేకరణను పేరు పెట్టి మరీ అడిగింది.

పూర్తిగా లేదా అంటే, ఉంది. ఆరోగ్యశ్రీ స్క్రీన్ల కోసం ఆస్పత్రి బిల్లింగ్ సిబ్బందితో కూర్చుని, వాళ్లకేం కావాలో రాసుకుని, సంతకం చేయించింది ఇతనే. చిన్న ముక్కే, కానీ నిజమైన ముక్క. దాన్ని దానిగానే రాయాలి. అది చూపించి మొత్తం ప్రాజెక్టు రిక్వైర్‌మెంట్లు నేనే తీశానంటే, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఈ చోట రెజ్యూమెకి, ప్రకటనకి మధ్య ఖాళీ మిగిలే ఉంటుంది. మిగలనివ్వండి. దాని మీద ఏం చెప్పాలో ఇంటర్వ్యూకి ముందే సిద్ధం చేసుకోండి.

డెలివరీ పద్ధతి

రోజూ పొద్దున పావుగంట నిలబడి మాట్లాడుకున్నంత మాత్రాన అది ఎజైల్ అయిపోదు. పద్ధతి ఏదో తేలాలంటే మూడు సంగతులు చూడండి. పనిచేసే స్క్రీన్‌ను క్లయింట్ మొదటిసారి ఎప్పుడు చూశాడు? చూశాక, తర్వాత చేయాల్సిన పనుల వరుస మారిందా? డబ్బు దేన్ని బట్టి వచ్చింది?

ఈ ప్రాజెక్టులో డిజైన్ ఆమోదానికి 20 శాతం, హన్మకొండలో గో-లైవ్‌కు 30, మిగతా మూడు ఊళ్లకు కలిపి 40, సపోర్ట్ ముగిశాక 10 శాతం చొప్పున బిల్లులు వచ్చాయి. లోపల టీమ్ రెండు వారాల స్ప్రింట్లలో పనిచేసి, ప్రతి స్ప్రింట్ చివరా ఆస్పత్రివాళ్లకు డెమో ఇచ్చింది. ఫార్మసీ సిబ్బంది చెప్పాక స్టాక్ రిటర్న్ స్క్రీన్ ముందుకు జరిగింది. అంటే బయట మైల్‌స్టోన్లు, లోపల స్ప్రింట్లు. దీన్ని హైబ్రిడ్ అంటారు, ప్రకటన వర్ణించింది సరిగ్గా దీన్నే. "పూర్తి ఎజైల్" అని రాసి మళ్లీ తన బలాన్ని తనే కప్పేసుకున్నాడు. పద్ధతి పేరుకన్నా ఆ నాలుగు మైల్‌స్టోన్లను ఒక్క వాక్యంలో రాస్తే, చదివేవాళ్లకు సంగతి అర్థమైపోతుంది.

సర్టిఫికేషన్

"పీఎంపీ, 2021" అంటే ఆ ఏడాది పరీక్ష పాసయ్యాడని తెలుస్తుంది. ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలియదు. పీఎంపీ గడువు మూడేళ్లు. ఆ లోపు 60 పీడీయూలు, అంటే వృత్తిపరంగా నేర్చుకుంటున్నట్టు చూపించే గంటలు, నమోదు చేసి రెన్యూవల్ చేయించాలి. చేయకపోతే ఏడాదిపాటు సస్పెన్షన్‌లో ఉంటుంది. ఆ ఏడాదిలో పేరు పక్కన పీఎంపీ అని రాసుకోకూడదు. అదీ దాటితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ పరీక్ష. 2021లో పాసైన మనిషి 2024లో రెన్యూవల్ చేయించి ఉండాలి. రెజ్యూమెలో రావలసింది గడువు తేదీ.

ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐ సంస్థ వెబ్‌సైట్‌లో ఒక రిజిస్ట్రీ ఉంది, పేరుతో వెతకవచ్చు. మనవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. రెజ్యూమెలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, సర్టిఫికెట్ మీద పూర్తిగా చివర ఉంటుంది. వెతికేవాళ్లకు దొరకదు. కాబట్టి సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అలాగే ఆ వరుసలో పేరు, నంబరు, గడువు తేదీ రాయండి. "పీఎంపీ ట్రైన్డ్" అని రాసేవాళ్లూ ఉన్నారు. దరఖాస్తుకు కావలసిన 35 గంటల శిక్షణ పూర్తయిందనే దాని అర్థం. ప్రకటన సర్టిఫికెట్ తప్పనిసరి అన్నప్పుడు అది లెక్కలోకి రాదు.

ఇక మన అభ్యర్థి మొదటి వాక్యం ఇలా మారుతుంది: "నాలుగు ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో బిల్లింగ్, ఫార్మసీ మాడ్యూళ్లను డిజైన్ నుంచి గో-లైవ్ దాకా 18 నెలల్లో నడిపాను; బాధ్యత వహించిన బడ్జెట్ 3.3 కోట్లు, పదిమంది టీమ్, ఒక వెండర్. 14 లక్షల ఛేంజ్ రిక్వెస్ట్‌కు ఆమోదం తెచ్చాను. ఆమోదిత బడ్జెట్ కంటే మించిన ఖర్చు 2 శాతం లోపు."

అభ్యాసం: మీ రెజ్యూమెలో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న ప్రాజెక్టు తీసుకోండి. మనుషులను, నెలలను, నెల ఖర్చును గుణించండి. వచ్చినదానికి మీరు సంతకం పెట్టిన వెండర్ బిల్లులు కలపండి. రెజ్యూమెలోని అంకెకీ దీనికీ తేడా వస్తే, ఆ తేడా ఎవరి చేతిలో ఉండేదో పక్కన రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో దానితోనే ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు తయారు చేసుకుంటాం.