కబడ్డీ జట్టు పిల్లల వారపు శ్రమను నోటుపుస్తకంలో లెక్కగట్టడం ఎలా?

జిల్లా ఎంపికలు దగ్గరపడగానే మా బడిలో సాధన రెండు పూటలవుతుంది. అప్పుడు ఎవరి మీద ఎంత భారం పడుతోందో చెప్పడానికి ఒక గడియారం, ఒక నోటుపుస్తకం చాలు. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

మొదట సున్నా నుంచి పది వరకు ఉన్న పట్టీని గోడకు అంటించండి. సున్నా విశ్రాంతి, 2 తేలిక, 3 ఓ మోస్తరు, 5 కష్టం, 7 చాలా కష్టం, 10 అంటే ఇక నా వల్ల కాదు.

సాధన ముగిసిన అరగంటకు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ‘ఈ రోజు మొత్తం మీద ఎంత కష్టమనిపించింది?’ అని అడగండి. వెంటనే అడిగితే చివర్లో తీసిన పరుగుకే అంకె చెబుతారు. వరుసలో నిలబెట్టి అడిగితే మొదటివాడు నాలుగంటే అందరూ నాలుగే. పట్టీ మీద వేలు పెట్టి చూపించమంటే ఈ బెడద తగ్గుతుంది. ఎంపికకూ ఈ అంకెకూ సంబంధం లేదని ముందే చెప్పాలి. లేకపోతే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నవాడు కూడా ‘3 సార్’ అంటాడు.

ఆ అంకెను నిమిషాలతో గుణించండి. ఒళ్లు వేడెక్కించే కసరత్తులనూ నిమిషాల్లో కలపాలి. 75 నిమిషాల సాధనకు 6 చెబితే 450. వారం చివర అన్నీ కూడి, అదే పిల్లవాడి గత నాలుగు వారాల సగటుతో పోల్చండి. పక్కవాడితో పోల్చకండి, ఒకరి ఆరు మరొకరి ఆరు కాదు.

ఒక రైడర్ గత నాలుగు వారాల మొత్తాలు 1,850, 2,000, 1,900, 2,050 అనుకుందాం. సగటు 1,950. శిబిరంలో ఉదయం 60 నిమిషాలకు 5, సాయంత్రం 75 నిమిషాలకు 6 చొప్పున రోజుకు 750. ఐదు రోజులకు 3,750. దాదాపు రెట్టింపు! ఉదయాలను 30 నిమిషాల తేలికపాటి కూత సాధనకు (అంకె 2) కుదించి, ఒక సాయంత్రాన్ని 45 నిమిషాలకు, 4కు తగ్గిస్తే మొత్తం 2,280 అవుతుంది. ఫలానా శాతం దాటితే గాయం తప్పదనే గీత మాత్రం ఏదీ లేదు. కొందరు చెప్పే నిష్పత్తుల మీద నిపుణుల్లోనే తగాదా ఉంది.

నేను మొత్తం కన్నా ముందు చూసేది మరొకటి: అదే సాధనకు నిన్నటిదాకా 5 చెప్పినవాడు ఈ రోజు 8 అన్నాడా? నిద్ర, జ్వరం, పరీక్షలు, ఖాళీ కడుపు, ఆదివారం ఊళ్లో ఆడిన క్రికెట్... కారణం వీటిలోనే దొరుకుతుంది. మోకాలి నొప్పిని మాత్రం ఈ అంకె పట్టుకోదు, దాన్ని వేరే అడగాలి.

రానివాడి గడిలో సున్నా వేయకండి, ‘తెలియదు’ అని రాయండి. ఆ రోజు వాడు ఇంకెక్కడో ఆడి ఉండవచ్చు.