కన్సాలిడేషన్ ఆడిట్‌కి కూర్చునే ముందు: దారిలో ఉన్న లారీ ఎవరిది?

పర్లాకిమిడిలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే కంపెనీ ఒకటి, విజయవాడలో ఆ పప్పు అమ్మే కంపెనీ ఇంకొకటి అనుకుందాం. రెండోది నూరు శాతం మొదటిదానిదే. ఈ రెండింటి లెక్కలూ కలిపి ఒకే గ్రూపు లెక్కగా చూపడమే కన్సాలిడేషన్. మార్చి 31న పర్లాకిమిడి పుస్తకాల్లో విజయవాడ నుంచి రావాల్సింది 52.20 లక్షలు. విజయవాడ పుస్తకాల్లో ఇవ్వాల్సింది 48 లక్షలే. తేడా 4.20 లక్షలు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. అకౌంటెంట్ ఈ తేడాని 'కన్సాలిడేషన్ అడ్జస్ట్‌మెంట్' అని ఒక లైన్‌లో వేసి షీట్ టాలీ చేసేస్తాడు. ఒప్పుకోకండి. రెండు లెడ్జర్లూ పక్కపక్కన పెట్టి బిల్లు బిల్లుకీ టిక్ పెట్టండి. మిగిలేది మార్చి 31 నాటి ఒక్క బిల్లు: సరుకు 4 లక్షలు, 5 శాతం జీఎస్టీ 20 వేలు. ఈ-వే బిల్లు, లారీ రసీదు తేదీలు చూసి, తర్వాత విజయవాడ గోడౌన్ గేటు రిజిస్టర్ తెరవండి. లారీ దిగింది ఏప్రిల్ 2న. విజయవాడవాళ్లు కొనుగోలు రాయలేదు, అంతే. గ్రూపుకి మాత్రం ఆ సరుకు దారిలో ఉన్న సొంత స్టాకే. ముందు దాన్ని విజయవాడ స్టాక్‌లో 4 లక్షలుగా చేర్చి, 20 వేలు రాబోయే జీఎస్టీ క్రెడిట్‌గా చూపిస్తే రెండు వైపులా 52.20 లక్షలు అవుతుంది. అప్పుడే ఆ రెండు అంకెల్నీ ఒకదానికొకటి కొట్టేసి ఎలిమినేట్ చేయాలి.

ఇప్పుడు లాభం సంగతి. బయటివాళ్లకి ఇంకా అమ్మని సరుకు మీద పర్లాకిమిడి వేసుకున్న లాభం గ్రూపుకి లాభం కాదు, తీసేయాలి. పర్లాకిమిడి ఖర్చు మీద 25 శాతం వేసి అమ్ముతుంది. ఈ మాట మేనేజర్ నోటితో వింటే సరిపోదు, కాస్ట్ షీట్ చూడాలి. విజయవాడ స్టాక్‌లో ఈ పప్పు 31.20 లక్షలుంది, అందులో 1.20 లక్షలు లారీ కిరాయి. కిరాయి బయటివాళ్లకి వెళ్లిన ఖర్చు, దాన్ని ముట్టుకోకూడదు. మిగిలిన 30, దారిలోని 4 కలిపి 34 లక్షలు. దీనికి 25 శాతం కట్టి 8.50 అనేస్తారు చాలామంది, నేనూ ఆర్టికల్‌షిప్‌లో అలాగే కట్టి తిట్లు తిన్నాను. ధరలో లాభం 125లో 25 వంతు, కాబట్టి తీసేయాల్సింది 6.80 లక్షలు. కన్సాలిడేషన్ గురించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 21 దీన్ని పూర్తిగా తీసేయమంటుంది.

ఎక్కువ టెన్షన్ పెట్టేది పోయిన ఏడాది ఎంట్రీ. కన్సాలిడేషన్ ఎంట్రీలు ఏ కంపెనీ లెడ్జర్‌లోనూ ఉండవు, ఎక్సెల్ షీట్‌తోపాటే పోతాయి. పోయినేడు 5 లక్షలు తీసేసి ఉంటే, ఈ ఏడాది ఓపెనింగ్ రిజర్వుల్లో 5 లక్షలు తగ్గించి, ఓపెనింగ్ స్టాక్ కూడా అంతే తగ్గించాలి. ఆ పప్పు ఈ ఏడాది అమ్ముడైపోయింది గనక దాని లాభం ఇప్పుడొస్తుంది. చివరికి ఈ ఏడాది లాభం తగ్గేది 1.80 లక్షలే. పూర్తి 6.80 తగ్గి కనిపిస్తే ఆ పాత ఎంట్రీ మరిచారన్నమాట. పాత షీట్ కాపీ మార్చిలోనే అడిగి తీసుకోండి.