ఫెనిటాయిన్ లెవెల్ లెక్కకు అందనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: 10 రావాల్సిన చోట 26 వచ్చింది

60 కిలోల బరువున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడనుకుందాం. ఫిట్స్‌కి రోజూ రాత్రి 300 మి.గ్రా. ఫెనిటాయిన్ సోడియం వేసుకుంటున్నాడు. అయినా నెలకోసారి ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. రక్తంలో లెవెల్ చూస్తే లీటరుకు 7.7 మి.గ్రా. ఉంది. మనకు కావాల్సింది 10 నుంచి 20. డోసు మూడో వంతు పెంచితే లెవెల్ కూడా మూడో వంతు పెరిగి 10 దాటుతుందని 400 చేశారు. ఐదో వారంలో కూతురు తీసుకొచ్చింది. "నాన్న గోడ పట్టుకుని నడుస్తున్నాడండీ, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది" అంది. వేలు చూపించి పక్కకు చూడమంటే కళ్లు అదురుతున్నాయి. లెవెల్ 26.

ఇలాంటప్పుడు చాలామంది మొదట అనుమానించేది ల్యాబ్‌ని, లేదా పేషెంట్ రెండు మాత్రలు ఎక్కువ మింగాడని. ఆ రెండూ కనుక్కోవాల్సిందే. కానీ ఈ కేసులో రెండూ సరిగ్గానే ఉన్నాయి. తప్పింది మన త్రైరాశికం.

కారణం: మిల్లు నిండిపోయింది

చాలా మందులు ఫస్ట్ ఆర్డర్‌లో పోతాయి. అంటే రక్తంలో ఎంత ఉంటే అందులో ఫలానా వంతు గంటకింత అని పోతుంది. ఎక్కువుంటే ఎక్కువ పోతుంది, తక్కువుంటే తక్కువ. అందుకే వాటికి స్థిరమైన హాఫ్ లైఫ్, అంటే లెవెల్ సగానికి తగ్గే సమయం, ఉంటుంది, డోసు రెట్టింపు చేస్తే లెవెల్ రెట్టింపవుతుంది.

లివర్‌లోని ఎంజైమ్‌ని ఊళ్లో రైస్ మిల్లు అనుకోండి. వచ్చే ధాన్యం తక్కువైతే వచ్చిన బస్తా వచ్చినట్టే ఆడుతుంది. పది ట్రాక్టర్లు ఒకేసారి వస్తే గంటకు ఆడే బస్తాలు మాత్రం అవే, మిగతావి బయట పేరుకుంటాయి. ఎంత ఉన్నా గంటకు ఒకే పరిమాణం పోవడమే జీరో ఆర్డర్.

దీన్ని చూడటానికి మద్యం తేలికైన ఉదాహరణ. ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి రెండు పెగ్గులకే నిండిపోతుంది. ఆ తర్వాత 100 మి.లీ. రక్తంలో గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గుతుంది. మనిషిని బట్టి ఇది 10 నుంచి 25 దాకా ఉంటుంది. రాత్రి 11కి 120 ఉన్నవాడు మన దేశంలో డ్రైవింగ్‌కి ఉన్న 30 పరిమితికి రావాలంటే 90 తగ్గాలి. గంటకు 15 చొప్పున ఆరు గంటలు, అంటే తెల్లారి 5. అదే గంటకు 10 మాత్రమే తగ్గే మనిషైతే ఉదయం 8 అవుతుంది. అలాంటివాడు రాత్రంతా పడుకుని లేచి, ఫ్రెష్‌గా ఉన్నానని ఏడింటికి బండి తీస్తే ఇంకా పరిమితి పైనే ఉన్నాడు. కాఫీ, చన్నీళ్ల స్నానం నిద్రమత్తు వదిలించవచ్చు గానీ మిల్లు వేగం పెంచవు.

ఇక్కడ హాఫ్ లైఫ్ అడగకూడదు. 240 నుంచి 120కి ఎనిమిది గంటలు, 120 నుంచి 60కి నాలుగు, 60 నుంచి 30కి రెండు. ప్రతిసారీ సగమే తగ్గింది, పట్టిన సమయం మాత్రం మారిపోయింది. బాగా కిందికి, సుమారు 20 లోపుకు వచ్చాక మిల్లు ముందు క్యూ కరిగి మళ్లీ ఫస్ట్ ఆర్డర్ మొదలవుతుంది.

ఫెనిటాయిన్‌తో చిక్కేమిటంటే, ఆ మలుపు సరిగ్గా మనం వైద్యం చేసే లెవెల్స్‌లోనే పడుతుంది. ఈ చిన్న సూత్రం చాలు:

```
Css = Km × R / (Vmax − R)
```

Css అంటే చివరికి స్థిరపడే లెవెల్. R అంటే రోజూ ఒంట్లోకి వెళ్లే మందు. Vmax అంటే ఒంటికి రోజులో వదిలించుకోగలిగే గరిష్ఠం. పెద్దవాళ్లలో సగటున కిలోకు 7 మి.గ్రా. అనుకుంటే మన పేషెంట్‌కి 420. Km అంటే మిల్లు సగం నిండే లెవెల్, దాన్ని 4 అనుకుందాం. ఫెనిటాయిన్ సోడియంలో అసలు మందు 92 శాతమే, కాబట్టి 300 మాత్ర 276 కింద లెక్క.

276 వేస్తే Css 7.7. అప్పటికే మిల్లు మూడింట రెండొంతులు నిండి ఉంది. 350కి అసలు మందు 322, లెవెల్ 13.1. 400కి 368, లెవెల్ 28.3. మొదటి 50 లెవెల్‌ని ఐదు పాయింట్లు పెంచితే, రెండో 50 పదిహేను పెంచింది. సూత్రంలో కింద ఉన్న తీసివేతే దీనికి మూలం. R పెరిగి Vmax దగ్గరికి వెళ్లేకొద్దీ కింద సంఖ్య చిన్నదైపోయి లెవెల్ ఎగిరిపోతుంది. R ఆ గీత దాటితే ఇక ఏ లెవెల్ దగ్గరా ఆగదు, రోజురోజుకీ పేరుకుంటూనే పోతుంది.

సమస్య: వారం తర్వాత రిపోర్టు బాగానే ఉంది కదా?

నాకు ఎక్కువ భయం దీనితోనే. ఇదే పేషెంట్‌కి 400 మొదలుపెట్టిన ఏడో రోజున రక్తం తీస్తే 16, 17 వస్తుంది. చక్కగా పరిధి మధ్యలో ఉంటుంది. "బాగుంది, ఇలాగే కొనసాగించండి, మూడు నెలలకు రండి" అని పంపించేస్తాం. అది ఇంకా ఎక్కుతున్న లెవెల్. పదమూడో రోజు దగ్గర 20 దాటుతుంది.

మిల్లు నిండేకొద్దీ స్థిరపడే సమయమూ సాగుతుంది. మందు ఒంట్లో పరుచుకునే వాల్యూమ్ 39 లీటర్లు అనుకుని లెక్కిస్తే, మందు మొదలుపెట్టినప్పటి నుంచి తుది లెవెల్‌లో 90 శాతానికి చేరడానికి 300తో ఐదారు రోజులు, 350తో పదకొండు, 400తో దాదాపు ఐదు వారాలు. ఐదు హాఫ్ లైఫ్‌లలో లెవెల్ స్థిరపడుతుందనే రూలు ఇక్కడ పనికిరాదు.

పరిష్కారం

ఈ పేషెంట్‌ విషయంలో డాక్టర్ పర్యవేక్షణలో ఒకటి రెండు రాత్రులు మందు ఆపాలి. సగటు లెక్కన 26 నుంచి 15కి రావడానికి రోజు పైచిలుకు పడుతుంది. కానీ అందరిదీ సగటు కాదు, కాబట్టి మళ్లీ లెవెల్ చూసి మొదలుపెట్టాలి. పూర్తిగా మానేస్తే ఫిట్స్ తిరగబడతాయి, ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపకూడదు. తర్వాత 350, అంటే మూడు 100లు, ఒక 50. మూడు నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష.

ముందే ఇంత దూరం రాకుండా వాడుకలో ఒక పద్ధతి ఉంది. లెవెల్ 7 లోపు ఉంటే 100 పెంచవచ్చు. 7 నుంచి 12 మధ్య ఉంటే 50. 12 దాటితే 30కి మించకూడదు. 50 మాత్రను సగం చేసి 25 ఇవ్వడం కుదురుతుంది గానీ, మందును నెమ్మదిగా వదిలే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్రను విరవకూడదు.

పెంచే ముందు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతుందో చూడండి. ఫెనిటాయిన్‌లో 90 శాతం దానికే అతుక్కుని ఉంటుంది, పనిచేసేది మిగిలినదే. ఆల్బుమిన్ 100 మి.లీ.కి 2.5 గ్రాములు ఉన్నవాడికి లెవెల్ 8 వస్తే తక్కువని పెంచేస్తాం. కానీ కిడ్నీలు బాగానే ఉన్నవాళ్లకు వాడే సర్దుబాటు ఇది:

```
8 / (0.2 × 2.5 + 0.1) = 13.3
```

ఆ 8 నిజానికి 13తో సమానం. పెంచాల్సిన పనే లేదు.

డోసు ఎవరూ మార్చకపోయినా లెవెల్ పెరిగితే, ఈ మధ్య కొత్తగా ఏ మందు మొదలైందో అడగండి. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకొనజోల్ ఇదే మిల్లును నెమ్మది చేస్తాయి. Vmax 420 నుంచి 380కి పడితే చాలు, 350 వేసుకుంటూ 13 దగ్గర హాయిగా ఉన్న మనిషి 22 దాటిపోతాడు. టీబీ మందులు మొదలైన రోజునే ఫెనిటాయిన్ చీటీ మీద తేదీ రాసి, రెండో వారంలో ఒకసారి, నెలకు ఒకసారి లెవెల్ చూడమని రాయండి. ప్రతిసారీ రోగిని తిన్నగా గీత మీద నడిపించి చూడండి.