ఫొటోలో పెసరగింజంత చిల్లు, లోపల ఎముక దాకా దారి: షుగర్ పుండును అసలు ఎలా చూస్తాం

రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో ఫొటో వస్తుంది. కింద ఒకే లైను: "సార్, నాన్నగారి కాలండి, చిన్న పుండేనండి, ఏ మాత్ర వేయమంటారు?" ఫొటోలో ట్యూబ్‌లైట్ వెలుతురు, సగం నీడ, పుండు మీద పసుపో తెల్లటి పౌడరో. ఆ పూతను చూసి నేనేం చెప్పను? కోనసీమలో సర్జన్‌గా చేస్తున్నన్నాళ్లలో ఇలాంటి ఫొటోలు ఎన్ని చూశానో లెక్క లేదు, అందులో ముప్పావు వంతు మళ్లీ తీయించినవే.

డ్రెస్సింగ్ ఎలా కట్టాలి, గ్లౌజులు ఎందుకు అన్నవి ఇక్కడ చెప్పను, అవి తెలుసనే రాస్తున్నాను. ముందు సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్లతో గానీ పూత మొత్తం కడిగి, మెత్తగా అద్ది, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీయండి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. పుండుది దగ్గర నుంచి ఒకటి, అరికాలంతా ఒకటి, పాదం పైభాగం ఒకటి, వేళ్ల సందులు విడదీసి ఒకటి. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి తీసినది కూడా ఒకటి కావాలి, ఎందుకంటే వాపు అనేది పక్క కాలితో పోలిస్తేనే తెలుస్తుంది. ఇన్ని చేసినా ఫొటోలో పొడవు, వెడల్పు, రంగు కనిపిస్తాయి గానీ లోతు కనిపించదు.

కనిపించేది: పుండులో పసుపు పొర, లేదా నల్లటి పెచ్చు

ఎర్రగా, తడిగా, గరుకుగా ఉన్నది బతికున్న కండ. పాలమీగడలా పసుపుగా, తీగలుగా అంటుకుని ఉండేది చచ్చిన కణజాలం, మేం స్లఫ్ అంటాం. చాలామంది దాన్ని చీము అనుకుని తుడుస్తూ కూర్చుంటారు. చీమైతే గాజుగుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది, స్లఫ్ రాదు, దాన్ని బ్లేడుతో తీయాల్సిందే. నల్లగా, తోలులా గట్టిపడినది కూడా చచ్చినదే, కానీ ఇక్కడ తొందరపడి కత్తెర తీయకండి. ముందు పాదం పైన ఒకచోట, లోపలి చీలమండ వెనక ఒకచోట నాడి చూడండి. నాడి దొరకకుండా, మడమ మీద నల్లటి పెచ్చు పొడిగా, చుట్టూ ఎరుపు లేకుండా ఉంటే దాన్ని కదపకూడదు, రక్తం అందని చోట తీస్తే పుండు ఇంకా పెద్దదవుతుంది. వాస్కులర్ డాక్టరు చూశాకే ఏదైనా. చేతికి, కాలికి బీపీ చూసి తీసే నిష్పత్తి షుగర్ ఉన్నవాళ్లలో మోసం చేస్తుంది. రక్తనాళం గోడల్లో సున్నం పేరుకుని అది నొక్కుకోదు, దాంతో అంకె బాగానే ఉన్నట్టు, ఒక్కోసారి 1.3 దాటి వస్తుంది. అలా వస్తే సంతోషపడకుండా బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడమని అడగండి.

పెచ్చు కింద మెత్తగా, తడిగా, వాసన వస్తుంటే అది వేరే కథ. ఆ కాలు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కనిపించేది: చుట్టూ ఎరుపు

మన చామనఛాయ కాళ్ల మీద ఎరుపు ఎర్రగా కనిపించదు, కమిలినట్టు, ఊదాగా, మెరుస్తూ ఉంటుంది. ఫ్లాష్ కొడితే అదీ పోతుంది. కాబట్టి చేతి వెనకభాగంతో వేడి చూడండి, పక్క కాలితో పోల్చండి. వాపు, వేడి, నొప్పి, చీము, పుండు అంచు నుంచి అర సెంటీమీటరు దాటిన ఎరుపు, వీటిలో కనీసం రెండు ఉంటేనే ఇన్ఫెక్షన్ అంటాం. ఏవీ లేని పుండుకు యాంటీబయోటిక్ వేయడం దండగ. ఎరుపు 2 సెంటీమీటర్ల లోపు ఉండి చర్మం వరకే అయితే తేలిక రకం. 2 సెంటీమీటర్లు తాకినా దాటినా, ఎరుపు ఎంత తక్కువైనా లోపల స్నాయువుకో ఎముకకో పాకినా మధ్యస్థం. దానికి తోడు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం, నాడి 90 దాటడం, ఆయాసం, తెల్లకణాలు 12,000 దాటడం లాంటివి రెండుంటే తీవ్రం. ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి టైము రాసి ఉంచండి. నాలుగు గంటల్లో గీత దాటిందంటే ఫొటో పంపడం ఆపి బండెక్కించండి.

కనిపించేది: అరికాలి ఆనెకాయ మధ్యలో చిన్న చిల్లు, నొప్పి లేదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే దీన్ని విడమరిచి రాస్తున్నాను.

రాజోలు వైపు నుంచి ఒకాయన, యాభై ఆరేళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, కొబ్బరితోటలో పని. కొడుకు పంపిన ఫొటో చాలా శుభ్రంగా ఉంది, స్కేలు కూడా పెట్టాడు పాపం. రెండో వేలి మొదట్లో, అరికాలి కింద ఎముక ఒత్తుకునే చోట, రూపాయి బిళ్లంత తెల్లటి గట్టి చర్మం, మధ్యలో పెసరగింజంత చిల్లు. ఎరుపు లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. పైపై పుండు, వాగ్నర్ లెక్కలో గ్రేడ్ 1 అనుకున్నాను. మాత్రలు రాసి, చెప్పులు మార్చమని చెప్పి వదిలేశాను. చెయ్యి పెట్టి చూడకుండా లోతు చెప్పడమే నా తప్పు.

పదకొండో రోజు వచ్చారు. చిల్లు అలాగే ఉంది, కొంచెం చిన్నదైందని కొడుకు సంబరపడుతున్నాడు కూడా. కానీ రెండో వేలు వేళ్లన్నిటిలో లావుగా, ముడతలు పోయి నున్నగా ఉంది. పాదం పైన, మొదటి రెండు వేళ్ల మధ్య నుంచి వెనక్కి మూడు సెంటీమీటర్లు కమిలింది. జ్వరం అప్పుడూ లేదు. కానీ ఎప్పుడూ రెండొందల లోపుండే షుగర్ ఆ వారమంతా 380 దగ్గర తిరుగుతోంది, కొడుకు దాన్ని తిండి మీదికి తోసేశాడు. నరాలు మొద్దుబారినవాడికి నొప్పి రాదు. లోతైన ఇన్ఫెక్షన్ ఉన్న చాలామందికి జ్వరమూ రాదు. కారణం లేకుండా పెరిగిన షుగరే వాళ్లకు జ్వరంతో సమానం.

అప్పుడు చేసింది, మొదటి రోజే చేయాల్సింది ఇదీ. ముందు 15 నంబరు బ్లేడుతో ఆనెకాయను పొరలుపొరలుగా చెక్కాం. ఆయనకు మత్తు అక్కర్లేకపోయింది. చెక్కేసరికి పెసరగింజ కాస్తా రూపాయి బిళ్లంత అయింది, అంటే ఫొటోలో మేం చూసింది పుండును కాదు, దాని మూతను. చుట్టూ చర్మం కింద జేబులా ఖాళీ ఉంది. తర్వాత స్టెరిలైజ్ చేసిన మొద్దు మొన స్టీలు ప్రోబ్‌ను బలం పెట్టకుండా లోపలికి జార్చాను. రెండున్నర సెంటీమీటర్లు వెళ్లి ఆగింది. స్నాయువుకు తగిలితే రబ్బరులా స్ప్రింగవుతుంది. ఇది గట్టిగా, ఇసుక మీద గీసినట్టు గరుకుగా తగిలింది. ఎముక. ఇన్ఫెక్షన్ ఉన్న పుండులో ప్రోబ్ ఎముకకు తగిలిందంటే ఎముకకు చీము పట్టిందనే అనుమానించి ముందుకు వెళ్లాలి. ప్రోబ్ లేదని దూదిపుల్ల పెట్టేవాళ్లను చూశాను, దానికి ఎముకా తెలియదు, స్నాయువూ తెలియదు.

మూడోది, అందరూ వదిలేసేది: మడమ వైపు నుంచి వేళ్ల వైపుకి అరికాలి వంపును బొటనవేలితో నొక్కుకుంటూ రావడం. అలా నొక్కితే చిల్లులోంచి పలుచటి చీము బయటికి వచ్చింది. అరికాల్లో స్నాయువుల తొడుగుల వెంట, గట్టి పొరల మధ్య గదుల్లో చీము వెనక్కి పాకుతుంది. అరికాలి చర్మం మందం కాబట్టి కింద ఏమీ తెలియదు, పల్చటి పైచర్మం మీద వాపుగా బయటపడుతుంది. అందుకే కింద పుండు ఉన్నప్పుడు పాదం పైభాగం ఫొటో అడుగుతాను. గ్రేడ్ 1 అన్న పుండు గ్రేడ్ 3 అని తేలింది.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఎముకలో మార్పు ఎక్స్‌రేకు దొరకాలంటే రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపకండి, రెండు మూడు వారాలకు మళ్లీ తీయించండి. అనుమానం తీరకపోతే ఎంఆర్ఐ. ఈయనకు ఈఎస్‌ఆర్ 92 వచ్చింది. 70 దాటితే ఎముక వైపు చూడాలి. నాడి రెండుచోట్లా బాగా దొరికింది, అదొక్కటే ఆయన అదృష్టం.

చీము గది కట్టాక మాత్రలతో పని జరగదు, తెరవాలి. ఆ సాయంత్రమే రెండో వేలు, దాని వెనక ఎముక తల తీసి, చీము పాకిన దారి తెరిచి, కుట్లు వేయకుండా వదిలాం. కల్చర్‌కు లోపలి కండ, ఎముక ముక్క పంపాం. పైన దూది రాసి పంపితే చర్మం మీద క్రిములే పెరుగుతాయి, ఆ రిపోర్టు పట్టుకుని మందులు మార్చుతూ పోవడం మా దగ్గర రోజూ చూసే తతంగమే. పుండు మూడు నెలలకు పూడింది. మొదటి రోజే చెక్కి చూసి ఉంటే, ఎముక తీయకుండా ఆరు వారాల యాంటీబయోటిక్‌తో గట్టెక్కే వీలుండేదేమో. ఆ వేలు నా లెక్కలో రాసుకున్నాను.

ఇంకేమైనా?

ఉన్నాయి, అరుదు. పుండే లేకుండా పాదం మొత్తం వేడిగా, ఎర్రగా వాచితే, నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు, కీళ్లు చితికిపోయే షార్కో కావచ్చు, నడక ఆపించి ఎక్స్‌రే తీయండి. నెలల తరబడి అంచులు పైకి లేచి మొండికేసిన పుండుకు బయాప్సీ. ఒకటి మాత్రం మన ప్రాంతానిది: రొయ్యల చెరువులో ఉప్పునీళ్లలో దిగాక ఒకటి రెండు రోజుల్లో నల్లటి రక్తపు బొబ్బలు లేస్తే ఫొటోలు, మెసేజ్‌లు వద్దు, నేరుగా పెద్దాసుపత్రి, చెరువులో దిగిన సంగతి చెప్పండి.

రాజోలు ఆయన ఇప్పుడు నెలకోసారి ఆనెకాయ చెక్కించుకోవడానికి వస్తారు. ఒక ఎముక తల తీశాక ఒత్తిడి పక్క ఎముక మీద పడుతుంది, అక్కడ కాయ మళ్లీ కాస్తుంది, ఎంసీఆర్ చెప్పులు ఇంట్లో కూడా వేసుకుంటేనే తగ్గుతుంది. పోయిన నెల మూడో వేలి కింద కాయలో ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. కొడుకు మట్టి అనుకుని గోకబోయాడు. చెక్కి చూస్తే లోపల ఎండిన రక్తం, కింద చర్మం ఇంకా తెగలేదు. కాయ మీద బరువు పడకుండా ఫెల్ట్ అంటించి, రెండు వారాల్లో రమ్మన్నాను.